"అమ్మ రాదు" అన్న ఏడో పేజీ: ఒక పంపకాల దస్తావేజు ప్రూఫు దిద్దిన కేసు

ఏడో పేజీ మధ్యలో వాక్యం ఇలా ఉంది: "సదరు యిల్లును 1వ నంబరు వారి జీవిత కాలములో 2, 3 నంబర్ల వారు అమ్మ రాదు, తాకట్టు పెట్ట రాదు."

1వ నంబరు వారంటే ఆ కుటుంబంలో తల్లి. 2, 3 నంబర్ల వారు ఇద్దరు కొడుకులు. ఇంట్లో తల్లికి బతికినన్నాళ్లు ఉండే హక్కు రాశారు, ఆ తర్వాత ఇల్లు కొడుకులిద్దరిదీ. "అమ్మరాదు" అన్న ఒక మాట మధ్యలో ఖాళీ పడి, అమ్మ ఎక్కడికో రానంటున్నట్టు తయారైంది. నవ్వుకున్నాను. కోర్టులో ఎవరూ దాన్ని అలా చదవరని కూడా అనుకున్నాను. కానీ అదే దస్తావేజులో, తొమ్మిదో పేజీలో, ఇలాంటి చోటే ఉన్న ఇంకో పొరపాటుకు నవ్వు రాలేదు. అక్కడ వాక్యం అర్థమే తిరగబడింది. దాని సంగతి తర్వాత.

దస్తావేజు పదకొండు పేజీలు. తండ్రి పోయాక తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉమ్మడి ఆస్తిని పంచుకుంటూ రాసుకున్న భాగ పంపకాల దస్తావేజు. ఒకే సర్వే నంబరులో 4 ఎకరాల 70 సెంట్ల భూమి, ఊళ్లో 240 చదరపు గజాల స్థలంలో ఇల్లు. చిత్తుప్రతిని దస్తావేజు లేఖరి ఒకాయన తయారు చేస్తే, కుటుంబం తరఫు న్యాయవాది దాన్ని చూసి నాకు పంపారు. "విషయం నేను చూసుకున్నానండీ, భాష మాత్రం మీరు చూడాలి. అక్షరదోషాలు, పదాలు కలపడం విడదీయడం, భాష అంతా ఒకేలా ఉండడం. అంతే" అన్నారామె. ఆ "అంతే" అన్న మాట నేను అప్పుడే నమ్మలేదు.

మూడు చేతుల రాత

మొదటిసారి చదివేటప్పుడు నేను ఏమీ దిద్దను. పెన్సిల్ పక్కన పెట్టి, ఈ రాత ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చూస్తాను. ఇందులో మూడు చేతులు కనిపించాయి. మొదటి రెండు పేజీలు పాత పంపకాల దస్తావేజు నమూనా: "యిందుమూలముగా", "యేమనగా", "వ్రాయించుకొన్న". మధ్యలో నాలుగు పేజీలు ఏదో విక్రయ దస్తావేజులోంచి తెచ్చి అతికించినవి. చివర్లో ఇంటి గురించి, బోరు గురించి, దారి గురించి ఉన్న షరతులు మాత్రం కుటుంబం నోటితో చెప్పినవి చెప్పినట్టే రాసుకున్నవి: "నెల నెలా ఇవ్వాలి", "వాడుకున్నా ఎవరూ అడ్డం చెప్పకూడదు".

ఏ ముక్క ఎక్కడిదో తెలిస్తే దాంట్లో ఏ రకం తప్పులు ఉంటాయో ముందే ఊహించవచ్చు. పాత నమూనాలో యడాగమాల గందరగోళం ఉంటుంది. అతికించిన ముక్కలో సర్వనామాలు తప్పుతాయి. నోటి మాటల ముక్కలో క్రియలు తూకం తప్పుతాయి. మూడూ అలాగే దొరికాయి.

దీనికి తోడు ఫైలు పాత డీటీపీ ఫాంటులో టైప్ చేసి యూనికోడ్‌లోకి మార్చినది. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు జారిపోయాయి, ఒకట్రెండు చోట్ల "కృ" కాస్తా "క్ర" అయింది. అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి బాధ లేదు. కనిపించనిది ఒకటి ఉంది. "ఎకరం" అని వెతికితే కంప్యూటర్ ఆరు చోట్ల చూపించింది, నేను చదువుతూ లెక్కపెడితే ఎనిమిది. మిగిలిన రెండింటిలో చివర ఉన్నది సున్న కాదు, తెలుగు అంకె సున్నా. సున్న `U+0C02`, తెలుగు అంకె సున్నా `U+0C66`. చాలా ఫాంట్లలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. తర్వాత ఎవరో చేత్తో సవరించినప్పుడు పొరపాటున పడి ఉంటుంది. కాగితం మీద దీనివల్ల నష్టమేమీ లేదు, కానీ ఫైలులో వెతికి దిద్దేవాడికి ఆ రెండు చోట్లూ చిక్కవు. అందుకే ఏ ఫైలు వచ్చినా ముందు ఆ అంకె సున్నాను వెతికి, మాటల్లో ఎక్కడ కనిపించినా మార్చేసి, ఆ తర్వాతే అసలు పనిలో దిగుతాను.

ఆస్తి, అర్ధభాగం

అక్షరదోషాల్లో చాలావరకు ఎవరైనా పట్టేవే. "భాద్యత" బాధ్యత అయింది, "స్వాదీనం" స్వాధీనం అయింది, "విధ్యుత్తు" విద్యుత్తు అయింది. వీటి మీద ఎక్కువ చెప్పను.

ఆస్తి దగ్గర మాత్రం ఆగాలి. దస్తావేజులో "ఆస్తి" అని కొన్ని చోట్ల, "ఆస్థి" అని కొన్ని చోట్ల ఉంది. థ ఒత్తు పెట్టడం పాత అలవాటులా చాలామంది చేతికి పట్టేసింది. "స్థిరాస్తి" అన్న మాటలో మొదట థ ఒత్తు ఉండడంతో చివరా అదే ఉండాలనిపిస్తుంది కాబోలు. "అస్థి" అంటే ఎముక, ఆ మాట ఇంట్లో ఎప్పుడు వినిపిస్తుందో అందరికీ తెలుసు. సరే, "ఆస్థి"ని వెతికి "ఆస్తి"గా మార్చేస్తే పని అయిపోతుందనుకుంటాం. అవదు. "స్థిరాస్థి", "చరాస్థి" అన్న మాటల్లో సంధి జరిగి "ఆ" అనే అచ్చు పోయి దీర్ఘం గుర్తు మాత్రమే మిగులుతుంది. కంప్యూటర్‌కు అవి వేరే అక్షరాలు. "ఆస్థి" కోసం వెతికితే అవి దొరకవు. పోనీ "స్థి" అని కనిపించిన ప్రతిచోటా "స్తి" చేద్దామంటే "స్థిర", "పరిస్థితి" పాడైపోతాయి. అందుకని "రాస్థి" అని విడిగా వెతికాను, ఇంకో ఐదు దొరికాయి. సంధి ఉన్న భాషలో ఒక తప్పును ఒకే రూపంలో వెతకడం చాలదు.

రెండోది "అర్థభాగము". తల్లి తర్వాత ఇంట్లో కొడుకులిద్దరికీ చెరో "అర్థభాగము" అని రాసి ఉంది. అర్ధ అంటే సగం, ధ ఒత్తు. అర్థ అంటే భావం, లేదా ధనం. సగానికి రాయాల్సింది అర్ధభాగము. ఇదీ మొత్తంగా మార్చెయ్యగూడని మాటే. చివరి పేజీలో "చదివి వినిపించగా అర్థము చేసుకొని" అన్న వాక్యం ఉంది, అక్కడ థ ఉండాలి. కొత్తలో ఒకసారి నేను ఇలాగే ఒక ఒప్పందంలో అన్నీ ఒకేసారి మార్చి, అందరూ "అర్ధము చేసుకొని" సంతకాలు పెట్టేలా చేశాను. సగం చేసుకుని పెట్టారన్నమాట. అప్పటి నుంచి అన్నీ ఒకేసారి మార్చే మీట నొక్కను. ఒక్కొక్కటే చూసి మారుస్తాను.

పేర్ల జోలికి అసలు పోను. కూతురి పేరులో "లక్ష్మి" ఒక పేజీలో హ్రస్వంతో, మూడు పేజీల్లో దీర్ఘంతో ఉంది. నిఘంటువు ప్రకారం ఏది సరైనదో నాకు తెలుసు, కానీ ఇక్కడ నిఘంటువుతో పని లేదు. ఆవిడ ఆధార్ కార్డులో ఎలా ఉందో అదే సరైనది. అది ప్రశ్నల కాగితంలో మొదటి ప్రశ్న అయింది.

ప్రశ్నల కాగితం అంటే, నేను దిద్దగలిగినవి ఫైలులోనే మార్పులు కనబడేలా దిద్ది, అర్థం మారే అవకాశం ఉన్నవి దిద్దకుండా పేజీ, వరుస, ఉన్న వాక్యం, నా అనుమానం రాసి న్యాయవాదికి పంపే కాగితం. ఈ కేసులో పంతొమ్మిది ప్రశ్నలు అయ్యాయి.

ఖాళీ ఎక్కడ ఉండాలి

తెలుగులో పదాలు కలపడం విడదీయడంలో పత్రికకో పద్ధతి, పుస్తకానికో పద్ధతి. చాలా చోట్ల రెండూ ఒప్పే. దస్తావేజులో కావలసింది ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే పాటించడం. అందుకే పని మొదలుపెట్టే ముందు ఒక అరపేజీ పట్టిక రాసుకున్నాను, ఏది కలపాలి, ఏది విడిగా ఉంచాలి, ఏ మాటకు ఏ రూపం అని.

క్రియకు తోడుగా వచ్చే రాదు, వచ్చును, వలెను, గలరు, కొను అన్నవి ఎప్పుడూ క్రియతోనే కలిసి ఉంటాయని నిర్ణయించాను. అమ్మరాదు, పెట్టరాదు, అనుభవించుకొనవచ్చును, చెల్లించవలెను. ఇవి విడిపోతే మిగిలే "అమ్మ", "పెట్ట", "అనుభవించుకొన" అన్నవి వాటంతట అవి పూర్తి మాటలు కావు, లేదా "అమ్మ"లాగా వేరే మాటలు అవుతాయి. అదే కలదు, లేదు అన్నవి నామవాచకం తర్వాత వస్తే విడిగా ఉంచాను: "హక్కు కలదు", "బాకీ లేదు". చిత్తుప్రతిలో "హక్కులేదు" అని కలిసిన చోట్ల విడదీశాను. హక్కు లేదన్న మాట దస్తావేజులో చదివేవాడి కంటికి విడిగా, స్పష్టంగా కనపడాలన్నది నా అభిప్రాయం. వ్యాకరణం అలాగే ఉండాలని బలవంతం చేయదు.

యడాగమం సంగతి తేలిక. "చేసి యున్నాము" అని రాయడం రెంటికీ చెడినట్టు. రెండు అచ్చులు కలిసినప్పుడే మధ్యలో య వస్తుంది. కలిపితే "చేసియున్నాము", విడదీస్తే "చేసి ఉన్నాము". ఖాళీ వదిలి య కూడా ఉంచడం కుదరదు. దాన్నిబట్టే మాట మొదట్లో వచ్చే యిల్లు, యిచ్చి, యెకరము అన్నవన్నీ ఇల్లు, ఇచ్చి, ఎకరము చేశాను. "యిల్లును" అన్నది "ఇంటిని" అయింది, అక్కడ విభక్తి కూడా తప్పే. ఈ "యి" నిర్ణయం నాకు తర్వాత ఇంకో రకంగా పనికొచ్చింది.

పాతుకుపోయిన సమాసాలు, సంధులు విడదీయలేదు. పుత్రపౌత్ర పారంపర్యముగా, సర్వాధికారములు, స్థిరాస్తి అలాగే ఉన్నాయి. కొత్తగా ఏ సంధీ చేయలేదు కూడా. ప్రూఫు చూసేవాడికి సంధి చేయాలన్న సరదా ఉండకూడదు.

ఇప్పుడు తొమ్మిదో పేజీ. కూతురి వాటా భూమికి వెళ్లాలంటే చిన్నకొడుకు వాటా అంచున ఉన్న దారిలోంచి పోవాలి. ఆ దారి గురించి షరతు ఇది: "3వ నంబరు వారు కాని వారి వారసులు కాని వారు సదరు దారికి అడ్డు పెట్టరాదు."

పైకి చదవండి. కుటుంబం చెప్పదలచుకున్నది, చిన్నకొడుకైనా అతని వారసులైనా దారికి అడ్డు పెట్టకూడదని. కాగితం మీద ఉన్నదాన్ని, "3వ నంబరు వారు కాని, వారి వారసులు కాని వారు", అంటే ఆ ఇద్దరూ కాక మిగతావాళ్లు అడ్డు పెట్టకూడదని కూడా చదవవచ్చు. అలా చదివితే ఎవరిని కట్టడి చేయాలని షరతు పెట్టారో వాళ్లే దాంట్లోంచి బయటపడతారు. ఇక్కడ లేని తగవు రేపు లేస్తే, అవతలి లాయరుకు ఈ వాక్యం చాలు.

తప్పు రెండు చోట్ల ఉంది. మొదటిది "కాని". ఆ మాట రెండు పనులు చేస్తుంది. ఇదైనా అదైనా అని చెప్పడానికి ఒకటి, కానటువంటి అని చెప్పడానికి ఇంకొకటి. మొదటి అర్థంలో మనం నోటితో "గాని" అనే అంటాం: నువ్వుగాని, నేనుగాని. రెండో అర్థంలో ఎప్పుడూ "గాని" అనం, "నావాడు కానివాడు" అంటామే తప్ప. కాబట్టి దస్తావేజు మొత్తంలో మొదటి అర్థానికి గ, రెండో అర్థానికి క అని నా పట్టికలో పెట్టాను, "గాని" తర్వాత ప్రతిసారీ కామా. రెండో తప్పు, చివర ఒంటరిగా వేలాడుతున్న "వారు". అది లేకపోతే ఇంత అనుమానం రాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు, తీసేసే హక్కూ నాకు లేదు. ఏదో మాట ఎగిరిపోయి దాని తోక మిగిలిందని అనుమానించి ప్రశ్నగా రాశాను. న్యాయవాది తన చేతిరాత చూసి చెప్పారు, అసలు అక్కడ మూడో వర్గం కూడా ఉందట. చివరికి వాక్యం ఇలా నిలిచింది: "3వ నంబరు వారు గాని, వారి వారసులు గాని, వారి నుండి హక్కు పొందినవారు గాని సదరు దారికి ఆటంకము కలుగజేయరాదు."

"వారు"ను నేనే అదనపు మాట అనుకుని కొట్టేసి ఉంటే వాక్యం శుభ్రంగా కనిపించేది, రేపు ఆ భూమిని కొనుక్కునేవాళ్లు మాత్రం షరతులోంచి తప్పుకునేవాళ్లు.

భాషను ఒక మట్టానికి తేవడం

మిగతా రెండు పనుల కంటే దీనికి ఎక్కువ సమయం పట్టింది. ముందు ఏ మట్టం అన్నది తేల్చుకోవాలి. నన్నడిగితే మొత్తం వాడుక భాషలో రాసినా దస్తావేజుకు ఏ లోటూ రాదు. కానీ న్యాయవాది ఒప్పుకోలేదు. "రేపు పాత లింకు డాక్యుమెంట్లతో కలిపి చదువుతారు, భాష తేడాగా ఉంటే ప్రతివాడూ ప్రశ్నలేస్తాడు" అన్నారు. సరే, మధ్యేమార్గంగా కుదుర్చుకున్నాం. పదాల చివర ము, క్రియల్లో వలెను, వచ్చును, రాదు, "వ్రాసి"లో వ ఉంటాయి. సదరు, తదనంతరము లాంటి దస్తావేజు మాటలు ఉంటాయి. అక్కర్లేని "యొక్క"లు పోతాయి. నోటి మాటలు, ఇవ్వాలి, వాడుకున్నా, అడ్డం చెప్పకూడదు లాంటివి, ఈ మట్టానికి ఎక్కుతాయి.

అలా ఎక్కించేటప్పుడే ప్రమాదం. క్రియ చివర మారితే బాధ్యత అనుమతి అవుతుంది, అనుమతి బాధ్యత అవుతుంది.

చిత్తుప్రతి చివరి పేజీల్లో లేఖరి తనే కొంత మర్యాద భాష చేర్చి ఏడు చోట్ల "గలరు" వాడాడు. "2వ నంబరు వారు 1వ నంబరు వారికి ప్రతి నెల రూ. 6,000 ఇవ్వగలరు." ఇంకోచోట, "2వ నంబరు వారి వాటాలోని బోరు నీటిని 4వ నంబరు వారు వాడుకొనగలరు." ఆఫీసు నోటీసుల్లో "గమనించగలరు" అంటే దయచేసి గమనించండి అని. మామూలు తెలుగులో "ఇవ్వగలరు" అంటే ఇచ్చే శక్తి ఉంది అని. పాత దస్తావేజుల్లో ఇస్తారు అన్న అర్థంలోనూ వస్తుంది. ఒక మాట మూడు వైపులా పోతుంటే డబ్బు సంగతిలో దాన్ని వదిలేయకూడదు. పెద్దకొడుకు నెలకు ఆరు వేలు ఇచ్చి తీరాలా, ఇస్తే ఇవ్వవచ్చా, ఇచ్చే స్థోమత ఉందని చెబుతున్నారా?

ఏడింటినీ విడివిడిగా ప్రశ్నల కాగితంలో రాశాను. కుటుంబాన్ని అడిగి వచ్చిన జవాబుల ప్రకారం మూడు "వలెను" అయ్యాయి, నాలుగు "వచ్చును" అయ్యాయి. డబ్బు ఇవ్వవలెను, నీరు వాడుకొనవచ్చును. భాష ఒకేలా ఉండాలని అన్నిటినీ "వలెను" చేసేసి ఉంటే ఆడపడుచు ఆ బోరు నీళ్లు వాడుకుని తీరాల్సి వచ్చేది. ఒకే మట్టం అంటే ఒకే పనికి ఒకే రూపం, అంతేగాని అన్ని పనులకూ ఒకే రూపం కాదు. నా పట్టికలో ఈ వరుస ఇలా ఉంది: తప్పనిసరికి వలెను, అనుమతికి వచ్చును, నిషేధానికి రాదు. కూడదు వాడను, గలరు వాడను.

తర్వాత చిక్కు మేము, మనము. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేం అని తెలుగువాడికి చిన్నప్పుడే తెలుసు, కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకో మరిచిపోతాడు. విక్రయ దస్తావేజులో అమ్మేవాళ్లు కొనేవాళ్లతో మాట్లాడుతుంటారు కాబట్టి "మేము మీకు" సరిపోతుంది. పంపకాల దస్తావేజులో నలుగురూ కలిసి, తమలో తాము, రాసుకుంటున్నారు. అక్కడ "మీరు" అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. కానీ అతికించిన నాలుగు పేజీల్లో "ఇకమీదట సదరు ఆస్తిలో మాకు ఎట్టి హక్కు లేదు, మీరు పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవచ్చును" అని ఉంది. ఎవరికి హక్కు లేదు? ఎవరు అనుభవించవచ్చు?

నలుగురినీ కలిపి చెప్పే ప్రతిచోటా "మనము", "మన" అని చేసే పని నాది, అది చేశాను. మిగిలినచోట సర్వనామమే తీసేసి నంబరు రాయమని సూచించాను. ఇంటి మరమ్మతుల షరతులో "మా ఖర్చులతో బాగు చేయించవలెను" అన్నచోట "మా" అంటే ఎవరని అడిగితే న్యాయవాది ఆగిపోయారు. ఆమె ఉద్దేశంలో కొడుకులిద్దరూ. లేఖరి ఉద్దేశంలో నలుగురూ. తల్లికి ఈ సంగతే తెలియదు. ఆ ఒక్క మాట మీద కుటుంబం మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది, నాకు కాస్త టెన్షన్ కూడా పట్టుకుంది, నా ప్రశ్న వల్ల కుదిరిన పంపకం చెడుతుందేమోనని. చెడలేదు. "2, 3 నంబర్ల వారు సమానముగా భరించి" అని రాసుకున్నారు.

గౌరవ బహువచనం ఇంకో తలనొప్పి. దస్తావేజులో ప్రతివాళ్లూ "వారు"నే కాబట్టి, ఇద్దరి పేర్లు వచ్చిన వాక్యంలో తర్వాత "వారి వాటా" అంటే ఒక్కరిదా, ఇద్దరిదీనా తెలియదు. దీనికి తెలివైన మందు లేదు. చదవడానికి విసుగ్గా ఉన్నా ప్రతిసారీ "2వ నంబరు వారి వాటా" అని పూర్తిగా రాయడమే. కథల్లో అయితే ఇలా ఒకే మాట తిరిగి తిరిగి వస్తే కొట్టేస్తాను.

అంకెలు నా పని కాదు గాని

ఎకరాలు, సెంట్ల జోలికి పోవద్దని నా నియమం. అయినా చదివేటప్పుడు అంకెను, పక్కనే ఉన్న అక్షరాలను పోల్చి చూస్తాను. ఒకరి వాటా భూమి వివరాలు రాసిన సి షెడ్యూలులో "య.1-6 సెం." అని ఉంది. దాని పక్కన అక్షరాల్లో "ఒక యకరం అరవైసెంట్లు". ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి అడ్డగీత తర్వాత ఎప్పుడూ రెండంకెలు ఉండాలి. ఒక్క 6 అంటే ఆరు సెంట్లనీ చదవవచ్చు, సున్నా ఎగిరిపోయిన అరవై అనీ చదవవచ్చు. మిగతా వాటాలు 1-60, 1-50. మూడూ కలిపితే 4-70 రావాలి, అరవై అయితేనే వస్తుంది. లెక్క తేలినా నేను దిద్దలేదు, ప్రశ్నగానే పంపాను. ఎకరాన్ని "య."తో కాక "ఎ."తో రాయడం, అన్నిచోట్లా రెండంకెలు పెట్టడం, "అరవై సెంట్లు" విడదీయడం మాత్రం నేనే చేశాను.

చివరి చదువు

జవాబులన్నీ వచ్చి, మార్పులు ఎక్కించాక, ఇద్దరం కూర్చుని చదివాం. స్నేహితుడు ఒకడు పాత ప్రతి పట్టుకుని పైకి చదివాడు, నేను కొత్త ప్రతి మీద వేలు పెట్టి వచ్చాను. ఖాళీలను కూడా పైకి చెప్పాలి, అంకెలను ఒక్కొక్కటిగా చదవాలి. పదకొండు పేజీలకు రెండు గంటలు పట్టింది. ఆ చదువులో నేను కొత్తగా చేసిన రెండు తప్పులు దొరికాయి, రెండూ మార్పులు ఎక్కించేటప్పుడు మాట రెండుసార్లు పడినవి.

న్యాయవాది ఆఫీసులో తల్లికి చదివి వినిపించే రోజు నేనూ ఉన్నాను. "1వ నంబరు వారి తదనంతరము" అన్నచోట ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"తదనంతరమంటే నేను పోయాకనేనామ్మా?"

"అవునండీ, మీ తర్వాతే."

"మరి ఆ మాటే రాయొచ్చుగా."

న్యాయవాది నా వైపు చూశారు. పట్టికలో ఆ మాట ఉంచుదామన్నది ఆమే కాబట్టి నేనేమీ మాట్లాడలేదు. చివరికి "జీవితానంతరము" అని మార్చాం. దస్తావేజు భాషకూ చెల్లుతుంది, ఆవిడకూ అర్థమైంది. నాలుగు చోట్ల మార్చాల్సి వచ్చింది.

అచ్చు తీసే ముందు తప్పు దొరకడం వేరు, సంతకాలయ్యాక దొరకడం వేరు. రిజిస్ట్రేషన్ చట్టం, 1908లో 20వ సెక్షన్ ప్రకారం, దస్తావేజులో కొట్టివేతలు, వరుసల మధ్య రాతలు, ఖాళీలు, దిద్దుబాట్లు ఉంటే, రాసి ఇచ్చేవాళ్లు వాటి దగ్గర సంతకమో పొడి సంతకమో చేసి ధ్రువీకరించకపోతే అధికారి తీసుకోకుండా తిప్పి పంపవచ్చు. రిజిస్ట్రేషన్ అయిపోయాక తెలిస్తే సవరణ దస్తావేజు రాయాలి, దానికి మళ్లీ అందరూ రావాలి. అందుకే అచ్చయిన ప్రతిని సంతకాలకు ముందు ఒకసారి చూస్తానని పట్టుబట్టాను.

మంచిదే అయింది. అచ్చు తీసింది లేఖరి దగ్గర. పేజీలు తిప్పుతుంటే ఏడో పేజీలో "యిల్లును" అని కనబడింది. నా పట్టిక ప్రకారం దస్తావేజులో ఎక్కడా మాట మొదట "యి" ఉండకూడదు. ఒక్కటి కనబడిందంటే ఆ పేజీయే పాతదన్నమాట. చూస్తే అంతే, ఆయన దగ్గరున్న పాత ఫైలులోని ఏడో పేజీ కలిసిపోయింది, "అమ్మ రాదు"తో సహా. మొదటి పేజీ ఒక్కటే స్టాంపు కాగితం, మిగతావి మామూలు కాగితాలు కాబట్టి ఆ ఒక్క పేజీ మళ్లీ తీయించాం. పాతది లేఖరి అక్కడే చింపేశారు, కాస్త మొహం చిన్నబుచ్చుకుని.

సంతకాలు, వేలిముద్రలు అన్నీ అయ్యాక, జిరాక్సు ప్రతి చూస్తుంటే చివరి పేజీలో "సాక్షలు" అని కనిపించింది. సాక్షులు కావాలి. కొమ్ము పోయింది. నేను, నా స్నేహితుడు, న్యాయవాది, ముగ్గురం దాటి వచ్చేశాం. శీర్షికలు, ఎప్పుడూ ఉండే మాటలు ఎవరూ చదవరు కదా, చూసి ఊరుకుంటారు. ఫోన్ చేసి చెప్పాను.

"దానివల్ల ఎవరి వాటా పోదులెండి, వదిలేయండి" అన్నారామె.

వదిలేశాను. పట్టికలో మాత్రం చివర ఒక వరుస చేర్చుకున్నాను: శీర్షికలు విడిగా, కింది నుంచి పైకి చదవాలి.